ప్రాజెక్ట్‌కు గైడ్‌గా ఉండమని లెక్చరర్‌కు ఈమెయిల్ ఎలా రాయాలి: ఒక ఉదాహరణతో, మొదటి నుంచి చివరి దాకా

"సార్, గైడ్‌గా ఉండమని మేడమ్‌కి మెయిల్ పెట్టాలి. ఫార్మాట్ ఉంటే పంపండి." డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ప్రతి సంవత్సరం ఈ మాటే అడుగుతారు. ఫార్మాట్ కింద ఇస్తున్నాను. అయితే మెయిల్ టైప్ చేయడానికి అరగంట చాలు, దానికి ముందు చేయాల్సిన పనికే వారం పడుతుంది. జవాబు రాని మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఆ వారం పని చేయకుండా పంపినవే.

మెయిల్ చదివే లెక్చరర్ మనసులో మూడు ప్రశ్నలుంటాయి. ఈ పని సెమిస్టర్‌లో పూర్తవుతుందా? ఇది నాకు తెలిసిన విషయమేనా? నా టైమ్ ఎంత పడుతుంది? ఈ మూడింటికీ జవాబు మెయిల్‌లోనే ఉంటే, ఆవిడ అప్పటికప్పుడు "సరే" అనో, "ఇది కొంచెం మార్చు" అనో రాయగలుగుతారు. లేకపోతే "తర్వాత చూద్దాం" అని పక్కన పెడతారు. ఆ తర్వాత అది కింద పడిపోతుంది.

ఒకే ఉదాహరణను చివరి దాకా పట్టుకుని నడుద్దాం. యాదాద్రి భువనగిరి జిల్లాలో బి.ఏ. మూడో సంవత్సరం చదివే అమ్మాయి. ఇంట్లో అందరూ పోచంపల్లి చీరలు నేసేవాళ్లే. నానమ్మ ఏళ్ల తరబడి చేత్తో ఆసు పోసింది. రంగు వేయడానికి నూలుకు ముడులు కడతారు, దాన్నే చిటికి కట్టడం అంటారు; అంతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి వరస పెట్టే పని అది. ఒక్క చీరకు చేయి వేల సార్లు తిరగాలి. ఇప్పుడు ఇంట్లో ఆ పని యంత్రం చేస్తోంది. నానమ్మ నోట వచ్చే కొన్ని మాటలు ఇంట్లో చిన్నవాళ్లకు తెలియవని ఈ అమ్మాయి గమనించింది. దాన్నే ప్రాజెక్ట్‌గా చేసి, తెలుగు శాఖలో ఒక మేడమ్‌ను గైడ్‌గా ఉండమని అడగాలనుకుంటోంది.

విషయం తెలుగు కాబట్టి ఈ మెయిల్ కూడా తెలుగులోనే ఉంటుంది. మీ సబ్జెక్ట్ ఇంగ్లిష్‌లో నడిచేదైతే ఇంగ్లిష్‌లో రాయండి. వరస మాత్రం ఇదే.

## 1. ముందుగా మీ కాలేజీ పద్ధతి కనుక్కోండి

కొన్ని కాలేజీల్లో విద్యార్థే గైడ్‌ను అడగాలి. కొన్నిచోట్ల శాఖాధిపతి లిస్ట్ వేసి, ఎవరికి ఎవరో తానే కేటాయిస్తారు. రెండో పద్ధతి ఉన్నచోట నేరుగా లెక్చరర్‌కు మెయిల్ పెడితే ఆవిడ ఇబ్బందిలో పడతారు. అప్పుడు మెయిల్ శాఖాధిపతికి వెళ్లాలి: "నేను ఈ అంశం మీద చేయాలనుకుంటున్నాను, వీలైతే ఫలానా మేడమ్ దగ్గర కేటాయించగలరా" అని.

ఆఫీసులోనో సీనియర్ల దగ్గరో ఇవి తెలుసుకోండి:

- గైడ్‌ను మనం అడగాలా, వాళ్లే కేటాయిస్తారా?
- ఒంటరిగా చేయాలా, గ్రూపుగానా?
- సినాప్సిస్, తుది రిపోర్ట్ ఇవ్వడానికి ఆఖరి తేదీలు ఏవి?
- రిపోర్ట్ ఎన్ని పేజీలు ఉండాలి, ఏ భాషలో రాయాలి?

## 2. అంశాన్ని చిన్నది చేయండి

ఉన్న వారంలో ఎక్కువ రోజులు దీనికే పెట్టండి.

ఈ అమ్మాయి మొదట పెట్టుకున్న శీర్షిక "పోచంపల్లి చేనేత భాష: ఒక పరిశీలన". వినడానికి బాగుంటుంది గానీ, అది పీహెచ్‌డీకి సరిపోయేంత పెద్దది. నూలు కొనడం దగ్గర్నుంచి చీర మడత పెట్టే దాకా ప్రతి పనికీ పదాలుంటాయి. పడుగు, పేక, నాడె, కండె, ఇలా మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. అలాంటి శీర్షిక చూడగానే లెక్చరర్‌కు ఒక సంగతి అర్థమైపోతుంది: దీన్ని చిన్నది చేసే పని నా మీద పడబోతోంది.

చిన్నది చేయడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఏ పని? మొత్తం నేత వద్దు, ఆసు పోయడం ఒక్కటే.

ఎవరి మాటలు? తన ఊళ్లో చేత్తో ఆసు పోసిన పెద్ద వయసు ఆడవాళ్లు, యంత్రం వచ్చాక పని నేర్చుకున్న చిన్నవాళ్లు.

దేన్ని దేనితో పోలుస్తున్నాం? ఈ రెండు వర్గాలు ఒకే వస్తువును, ఒకే పనిని ఏ మాటతో పిలుస్తున్నాయన్నది.

ఇక్కడ ఒక అనుకూలత ఉంది. చింతకింది మల్లేశం గారు రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం వల్ల ఈ పని చేసే తీరే మారిపోయింది. అంటే ముందు, తర్వాత అని గీత గీసుకోవడానికి ఒక ఆధారం ఉంది. మీ అంశంలోనూ ఇలాంటి గీత కోసం వెతకండి. ఊరికి కొత్త రోడ్డు రావడం కావచ్చు, పంట మారడం కావచ్చు. పోల్చడానికి రెండు వైపులు దొరికితే ప్రాజెక్ట్ దానంతట అదే చిన్నదవుతుంది.

చివరికి ప్రశ్న ఇలా నిలబడింది: *మా ఊళ్లో ఆసు పనికి చెందిన మాటల్లో యంత్రం వచ్చాక ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, కొత్తగా ఏవి వచ్చాయి?*

## 3. లెక్క వేయండి

శీర్షిక తగ్గించాక కూడా ఈ అమ్మాయి "అరవై మందిని అడుగుతాను" అనుకుంది. ఎక్కువ మంది ఉంటే మంచి పరిశోధన అనిపించుకుంటుందని చాలామంది పొరపడతారు. కాగితం తీసుకుని లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక్కొక్కరితో నలభై నిమిషాలు మాట్లాడితే అరవై మందికి నలభై గంటల రికార్డింగ్. మాటలు సరిగా పట్టుకోవాలంటే ప్రతి రికార్డింగ్‌నూ మళ్లీ మళ్లీ వినాలి. మూడేసి సార్లు విన్నా 120 గంటలు. మధ్యలో ఇంటర్నల్స్ ఉంటాయి. ఇది అయ్యే పని కాదు.

పన్నెండు మంది అయితే? పెద్దవాళ్లు ఆరుగురు, చిన్నవాళ్లు ఆరుగురు. ఎనిమిది గంటల రికార్డింగ్, వినడానికి 24 గంటలు. ఆదివారానికి ఇద్దరి చొప్పున ఆరు ఆదివారాల్లో మాట్లాడటం అయిపోతుంది. ఒకటి రెండు వారాలు తప్పినా రిపోర్ట్ రాయడానికి టైమ్ మిగులుతుంది.

పన్నెండు మందితో "పోచంపల్లి నేతగాళ్లందరూ ఇలా అంటారు" అని చెప్పలేం. "మా ఊళ్లో నేను మాట్లాడిన పన్నెండు మంది దగ్గర ఇలా కనిపించింది" అని మాత్రమే చెప్పగలం. ఈ పరిమితిని మెయిల్‌లో మీరే రాయండి. లెక్చరర్‌కు మీ మీద నమ్మకం కలిగేది అక్కడే.

## 4. మెయిల్‌కు ముందే ఒకసారి చేసి చూడండి

ఒక్క సాయంత్రం చాలు. ఈ అమ్మాయి ఆసుకు సంబంధించిన వస్తువులు, పని దశలు ఓ పదింటిని ఫోన్‌లో ఫొటోలు తీసి, నానమ్మకు ఒకసారి, అన్నయ్యకు ఒకసారి విడివిడిగా చూపించింది.

అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. పదింటిలో మూడింటికి నానమ్మ చెప్పిన మాట అన్నయ్యకు తెలియదు. ఇంకొకటి, నానమ్మను "దీన్ని కండె అంటారు కదా?" అని అడిగినప్పుడు "ఆఁ, అంతే బిడ్డా" అనేసింది. అదే ఫొటో మళ్లీ చూపించి "నానమ్మా, ఇదేంది?" అని ఊరుకుంటే తనంతట తాను వేరే మాట చెప్పింది. అంటే ప్రశ్నలో మాటను మనమే అందిస్తే అవతలివాళ్లు మన మాటనే తిరిగి ఇస్తారు. కాబట్టి ఫొటో మాత్రమే చూపించి, పేరు వాళ్ల నోటి నుంచే రానివ్వాలి.

ఈ ఒక్క సంగతి మెయిల్‌లో రెండు వాక్యాల్లో కనిపిస్తే చాలు. ఈ విద్యార్థి పని మొదలుపెట్టేసిందని, జాగ్రత్తగా చేస్తోందని మేడమ్‌కు తెలుస్తుంది.

ఈ అంశం మీద ఇదివరకు వచ్చిన పనిని కూడా ఒకసారి చూడాలి. వృత్తుల వారీగా జనం వాడే మాటలను సేకరించిన నిఘంటువు మాండలిక వృత్తిపదకోశం. అందులో చేనేత పదాల మీద ఒక సంపుటమే ఉంది, 1971 నాటిది. లైబ్రరీలో దొరికితే ఆసు దగ్గరి పేజీలు చూడండి. దొరకకపోతే "ఇంకా చూడలేదు, చూస్తాను" అని రాయండి. చూడకుండానే చూశానని రాస్తే మొదటి మీటింగ్‌లోనే తెలిసిపోతుంది.

## 5. ఎవరిని అడగాలో ఒక్కరిని ఎంచుకోండి

మీకు మంచి మార్కులు వేసిన లెక్చరర్ కావాలని లేదు. ఈ పనికి దగ్గరగా చదివిన వాళ్లు కావాలి. మాటలు, మాండలికం గురించి క్లాసులో చెప్పినవాళ్లు ఎవరు, గతంలో ఇలాంటి ప్రాజెక్ట్‌లు చేయించినవాళ్లు ఎవరు అని సీనియర్లను అడగండి.

ఒకే మెయిల్‌ను నలుగురికి పంపకండి. స్టాఫ్‌రూమ్‌లో పక్క పక్కనే కూర్చుంటారు, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్పుడు ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు తీసుకుంటారులే అనుకుంటారు. ఒకరిని అడగండి, జవాబు వచ్చాక అవసరమైతే రెండోవారిని అడగండి.

## 6. ఫాంట్, మెయిల్ ఐడీ సరిచూసుకోండి

తెలుగులో మెయిల్ రాసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయించి మెయిల్‌లో పేస్ట్ చేస్తే, అవతల అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. మీ స్క్రీన్ మీద బాగానే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. మెయిల్ ఎప్పుడూ యూనికోడ్‌లోనే ఉండాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డ్‌తో కొడితే వచ్చేది యూనికోడే. అటాచ్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా మార్చి పంపండి.

ముందుగా స్నేహితురాలి మెయిల్‌కు పంపి, ఆమె ఫోన్‌లో తెరిపించి చూడండి.

ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే వద్దు. మీ పేరు కనిపించే ఐడీ వాడండి.

## 7. మెయిల్ రాయండి

ముందు ఈ అమ్మాయి మొదటిసారి రాసుకున్నది చూడండి. ఇలాంటివే ఎక్కువగా వస్తుంటాయి.

> సబ్జెక్ట్: ప్రాజెక్ట్
>
> గౌరవనీయులైన మేడమ్ గారికి, నేను బి.ఏ. ఫైనలియర్ విద్యార్థినిని. నాకు తెలుగు అంటే చిన్నప్పటి నుంచి ఎంతో ఇష్టం. చేనేత మన సంస్కృతికి ప్రతీక. అందుకే పోచంపల్లి చేనేత భాష మీద పరిశోధన చేయాలనుకుంటున్నాను. మీలాంటి అనుభవజ్ఞుల దగ్గర పనిచేయడం నా అదృష్టంగా భావిస్తాను. దయచేసి మంచి టాపిక్ సూచించి, మార్గదర్శనం చేయగలరు.

మర్యాదకు లోటు లేదు. కానీ మేడమ్ ఏం జవాబివ్వాలి? ఏ సెమిస్టర్, ఎప్పటికి పూర్తవ్వాలి, ఏం చేస్తుంది, తన నుంచి ఏం కావాలి, ఒక్కటీ లేదు. చివరి వాక్యంలో టాపిక్ కూడా మేడమే ఇవ్వాలని ఉంది. ఇష్టం, అదృష్టం అన్న మాటలు తీసేస్తే మెయిల్‌లో ఏమీ మిగలదు.

వారం తర్వాత రాసింది ఇది.

> సబ్జెక్ట్: ఆసు పని పదాలపై చిన్న ప్రాజెక్ట్: గైడ్‌గా ఉండమని అభ్యర్థన (బి.ఏ. 3వ సంవత్సరం)
>
> గౌరవనీయులైన మేడమ్ గారికి,
>
> నమస్కారం. నేను బి.ఏ. మూడో సంవత్సరం విద్యార్థినిని. నిరుడు మాకు మీరు మాండలికాల పాఠం చెప్పారు. ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్‌కు మీరు గైడ్‌గా ఉండగలరా అని అడగడానికి రాస్తున్నాను.
>
> మా ఊళ్లో చేత్తో ఆసు పోయడం తగ్గి, యంత్రం వచ్చింది. దీంతో ఆసు పనికి చెందిన మాటల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, ఏవి కొత్తగా వచ్చాయి అన్నది చూడాలనుకుంటున్నాను. చేత్తో ఆసు పోసిన పెద్దవాళ్లు ఆరుగురికి, యంత్రం మీద నేర్చుకున్న ఆరుగురికి 25 ఫొటోలు చూపించి, వాళ్లు చెప్పే మాటలను వాళ్ల అనుమతితో రికార్డ్ చేస్తాను. రిపోర్ట్‌లో ఎవరి పేర్లూ రాయను.
>
> పది ఫొటోలతో మా నానమ్మ దగ్గర, అన్నయ్య దగ్గర ఒకసారి అడిగి చూశాను. మూడింటికి నానమ్మ చెప్పిన మాట అన్నయ్యకు తెలియలేదు. మాటను నేనే అందిస్తే అవునంటున్నారని గమనించి, ఇప్పుడు ఫొటో మాత్రమే చూపిస్తున్నాను. ఇది ఒక్క ఊరికి, పన్నెండు మందికి పరిమితమైన పని అని నాకు తెలుసు.
>
> నాకు మీ నుంచి కావలసింది: రెండు వారాలకు ఒకసారి పావుగంట, చివర్లో డ్రాఫ్ట్‌ను ఒకసారి చదవడం. ఫొటోల జాబితా మొదలుపెట్టే ముందే మీరు చూస్తే మేలు.
>
> 14 వారాల పనికి ఒక పేజీ ప్రణాళిక జత చేశాను. ఈ వారంలో మీకు వీలైన రోజు స్టాఫ్‌రూమ్‌కు వచ్చి కలవమంటారా? ఈ సెమిస్టర్ మీకు వీలు కాకపోతే, ఈ విషయానికి ఎవరిని అడగాలో చెప్పినా నాకు సహాయమే.
>
> ఇట్లు,
> పేరు, గ్రూప్, హాల్ టికెట్ నంబర్, ఫోన్ నంబర్

సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం, అభ్యర్థన రెండూ ఉన్నాయి. మొదటి పేరాలోనే అడగాల్సింది అడిగేసింది. చాలామంది సంకోచంతో ఈ వాక్యాన్ని చివరకు నెడతారు. అక్కడి దాకా చదివితేనే కదా తెలిసేది.

"కావలసింది" అన్న పేరా రాయడానికి భయపడకండి. మేడమ్‌ను పని అడుగుతున్నట్టు ఉంటుందేమో అని వదిలేస్తారు. నిజానికి ఆవిడకు ఊరటనిచ్చేది అదే, ఎంత టైమ్ పడుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి. ఆఖర్లో "వీలు కాకపోతే" అన్న వాక్యం కూడా అంతే ముఖ్యం. ఒక్కో లెక్చరర్‌కు ఇంతమందే అనే లెక్క ఉండొచ్చు. కాదనడానికి మర్యాదైన దారి ఇస్తే, మౌనం బదులు ఇంకొకరి పేరైనా వస్తుంది.

## 8. జత చేసే ఒక పేజీ

ఒక్క పేజీ దాటొద్దు. పైన ప్రశ్న, కింద ఎవరిని ఎలా అడుగుతారో రెండు వాక్యాలు, ఆ కింద వారాల వారీగా పట్టిక. ఈ అమ్మాయి పట్టిక ఇలా ఉంది:

- 1, 2 వారాలు: ఫొటోలు సిద్ధం చేయడం, మేడమ్‌కు చూపించడం
- 3 నుంచి 8: ఆదివారానికి ఇద్దరితో మాట్లాడటం, ఆ వారంలోనే వినడం
- 9: ఖాళీ (ఇంటర్నల్స్, తప్పిపోయిన వాళ్లు)
- 10, 11: మాటలను పట్టికలో వేయడం, పోల్చడం
- 12, 13: డ్రాఫ్ట్ రాసి మేడమ్‌కు ఇవ్వడం
- 14: దిద్దుబాట్లు, తుది రిపోర్ట్

ఆ ఖాళీ వారాన్ని తప్పకుండా పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో మగ్గాలకు పని ఎక్కువ ఉంటుంది, ఎవరూ నలభై నిమిషాలు కూర్చోరు.

ఫైల్‌కు `New Document (3).pdf` అన్న పేరు వద్దు. `Asu_Padalu_Project_Plan.pdf` అని పెడితే, నెల తర్వాత వెతికినా ఆవిడకు దొరుకుతుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

మెయిల్ రెండు స్క్రీన్‌లు దాటింది. ఫోన్‌లో తెరిచి చూడండి. ప్రాంతం చరిత్ర, చేనేత గొప్పతనం చెప్పిన వాక్యాలన్నీ తీసేయండి. ఆ మేడమ్‌కు అవి తెలుసు.

ఇంకొకరి మెయిల్ కాపీ చేశారు. పై మెయిల్‌ను కూడా అలాగే దించకండి. లెక్చరర్లకు ఒకే వాక్యం ఐదుగురి నుంచి వస్తే తెలుస్తుంది. వరస తీసుకుని, మాటలు మీవి రాయండి.

"మేడమ్, మీరే దిక్కు" అన్న ధోరణి. "గారు", "నమస్కారం" ఉంటే గౌరవం సరిపోతుంది. ప్రాధేయపడితే ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

అటాచ్‌మెంట్ మర్చిపోయారు. ముందు ఫైల్ జత చేసి, తర్వాత మెయిల్ రాసి, చివర్లో అడ్రస్ వేయండి. ఈ వరస పాటిస్తే సగంలో పొరపాటున పంపే ప్రమాదం కూడా ఉండదు.

పంపే ముందు ఒకసారి:

- సబ్జెక్ట్ లైన్ చదివితే విషయం తెలుస్తోందా?
- మొదటి పేరాలో అభ్యర్థన ఉందా?
- మనుషుల సంఖ్య, వారాల సంఖ్య మెయిల్‌లోనూ పీడీఎఫ్‌లోనూ ఒకటేనా?
- మేడమ్ పేరు, హోదా సరిగ్గా ఉన్నాయా?
- హాల్ టికెట్ నంబర్, ఫోన్ నంబర్ వేశారా?

## 10. పంపాక

పనిదినాల్లో ఉదయం పంపండి. పంపిన గంటకే వాట్సాప్‌లో "మేడమ్, మెయిల్ చూశారా" అని అడగొద్దు. ఐదారు పనిదినాలు ఆగండి. అప్పటికీ జవాబు లేకపోతే పాత మెయిల్‌కే `Reply` కొట్టి రెండు వాక్యాలు రాయండి: "మేడమ్, పోయిన సోమవారం పంపిన ఆసు పదాల ప్రాజెక్ట్ గురించి గుర్తు చేస్తున్నాను. సినాప్సిస్ ఈ నెల 20లోపు ఇవ్వాలి, మీ వీలు చెప్పగలరా?" కొత్త మెయిల్ మొదలుపెడితే ఆవిడ పాతది వెతుక్కోవాలి.

దానికీ రాకపోతే క్లాస్ అయ్యాక ఒక నిమిషం అడగండి. చాలాసార్లు మెయిల్ స్పామ్‌లో ఉంటుంది.

జవాబు "లేదు" అని వస్తే, అదే రోజు ధన్యవాదాలు చెప్పి రెండోవారికి రాయండి. "నిరుడు మీరు మాకు" అన్న వాక్యం పాతవారిదే మిగిలిపోకుండా చూసుకోండి.

"అంశం మార్చు" అని వస్తే దాన్ని తిరస్కారం అనుకోకండి, అప్పటికే ఆవిడ గైడ్ పని మొదలుపెట్టినట్టు. ఈ అమ్మాయికి మేడమ్ ఇలా రాశారు: "25 ఫొటోలు ఎక్కువ, నలభై నిమిషాల్లో అలసిపోతారు. 15 చేయి. వస్తువులే కాకుండా పని దశలను వీడియోగా చూపించు, క్రియాపదాలు కూడా దొరుకుతాయి. గురువారం లంచ్ తర్వాత రా."

ఈ అమ్మాయి అదే సాయంత్రం జవాబు పెట్టింది: "సరే మేడమ్. 15 ఫొటోలు, మూడు చిన్న వీడియోలు సిద్ధం చేసి గురువారం రెండింటికి వస్తాను." బుధవారం రాత్రి నానమ్మ చేత పాత ఆసు చెక్కను అటక మీద నుంచి దింపించి, ఒక్కో దశనూ ఫోన్‌లో తీసుకుంది.